యాప్‌లో వచ్చిన డాలర్లకు మన బ్యాంకు కాగితం ఎందుకు ఇవ్వదు, మరి ఎవరిస్తారు?

ప్రశ్న: మాది ఖమ్మం. చెల్లి యూకే స్టూడెంట్ వీసా కోసం మా అన్నయ్య డాలస్ నుంచి నాన్నగారి సేవింగ్స్ అకౌంట్‌కి ఒక యాప్ ద్వారా జూన్‌లో మూడు విడతల్లో 17 లక్షలు పంపాడు. కన్సల్టెన్సీ వాళ్లు విదేశీ డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే ఎఫ్‌ఐఆర్‌సీ తెమ్మంటున్నారు. బ్యాంకులో అడిగితే "ఇది లోకల్ నెఫ్ట్, మా దగ్గరికి ఫారిన్ డబ్బు ఏమీ రాలేదు" అంటున్నారు. ఈ డబ్బుకి ట్యాక్స్ పడుతుందా? ప్రూఫ్ ఎక్కడ దొరుకుతుంది?

సమాధానం:

బ్యాంకు వాళ్లు మీకు అబద్ధం చెప్పలేదండీ. వాళ్ల కంప్యూటర్‌లో అది నిజంగానే లోకల్ నెఫ్ట్. మీకు కావలసిన కాగితం ఆ యాప్ దగ్గర, ఆ యాప్‌కి ఇండియాలో రూపాయలు చెల్లించిపెట్టే పార్ట్‌నర్ బ్యాంకు దగ్గర ఉంటుంది. మీ అన్నయ్య తన లాగిన్‌లోంచి అడగాలి. ట్యాక్స్ సంగతంటారా, సొంత కొడుకు తండ్రికి ఇచ్చిన డబ్బుకి, అది 17 లక్షలైనా కోటి అయినా, తండ్రికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీకి మాత్రం ఉంటుంది.

నేను ఒక బ్యాంకులో చాలా ఏళ్లు ఫారెక్స్ డెస్క్ మీద పనిచేసి రిటైర్ అయ్యాను. ఈ "మా దగ్గర రాలేదు" అన్న మాట కౌంటర్‌కి ఇవతల కూర్చుని నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఎందుకు చెప్పామో అర్థమైతే మీ పని సులువవుతుంది.

విదేశం నుంచి డబ్బు మన అకౌంట్‌లోకి రావడానికి ముఖ్యంగా రెండు దార్లున్నాయి. మొదటిది స్విఫ్ట్. అక్కడి బ్యాంకు డాలర్లను మన బ్యాంకుకే పంపుతుంది, మన బ్యాంకు వాటిని ఆ రోజు రేటుకి రూపాయలుగా మార్చి అకౌంట్‌లో వేస్తుంది. డాలర్లు చూసింది మన బ్యాంకే కాబట్టి కాగితం కూడా అదే ఇస్తుంది. రెండోది యాప్‌లు, గల్ఫ్‌లో అయితే ఎక్స్ఛేంజ్ హౌస్‌లు వాడే దారి. వాళ్లకి ఇక్కడ ఏదో ఒక బ్యాంకుతో ఏర్పాటు ఉంటుంది. డాలర్లయినా దిర్హామ్‌లైనా ఆ బ్యాంకు దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి మీ నాన్నగారి అకౌంట్‌కి వచ్చేది రూపాయలే, మన ఊళ్లో ఒకరు ఇంకొకరికి నెఫ్ట్ చేసినట్టే. మీ బ్రాంచ్ ఆ డాలర్లను ఎప్పుడూ చూడలేదు, చూడని డబ్బుకి సర్టిఫికెట్ రాయడం దానికి కుదరదు.

ఏ దారిన వచ్చిందో పాస్‌బుక్‌లోనే తెలిసిపోతుంది. బ్యాంకుని బట్టి రాత మారినా, దాదాపు ఇలా ఉంటుంది:

```
NEFT CR  XXXXN5216.......
INW REM  USD 9980.00 @ 86.10
```

రెండో వరుసలా కరెన్సీ పేరు, రేటు కనిపిస్తే స్విఫ్ట్ అనుకోవచ్చు. మొదటి వరుసలా ఉంటే ఆ నెఫ్ట్ నంబర్‌లో మొదటి నాలుగు అక్షరాలు చూడండి. అవి పంపిన బ్యాంకు కోడ్, ఐఎఫ్‌ఎస్‌సీలో మొదట వచ్చే నాలుగు అక్షరాలే. అదే మీ పార్ట్‌నర్ బ్యాంకు. ఐఎంపీఎస్‌లో వస్తే 12 అంకెల నంబర్ మాత్రమే ఉంటుంది, దానిలో బ్యాంకు పేరు దొరకదు. అప్పుడు యాప్ రసీదు మీదే ఆధారపడాలి.

అడిగేటప్పుడు ఏ పేరుతో అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. ఎఫ్‌ఐఆర్‌సీ అనేది ఒకప్పుడు సెక్యూరిటీ పేపర్ మీద అచ్చయి వచ్చేది. 2016 నుంచి బ్యాంకులు దాన్ని ఇక్కడి కంపెనీల్లో విదేశీ పెట్టుబడి లాంటి కొన్ని పనులకే పరిమితం చేశాయి. ఇంటికి పంపిన డబ్బుకి ఆ పేరుతో అడిగితే కౌంటర్‌లో ఉన్న కుర్రాడు "అది ఆపేశారు సార్" అని పంపించేస్తాడు, అతని మాటా నిజమే. ఇప్పుడు ఇచ్చేదాన్ని ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అంటారు, కొందరు ఎఫ్‌ఐఆర్‌ఏ అంటారు. మీ కన్సల్టెన్సీ వాళ్లు పాత అలవాటుకొద్దీ ఎఫ్‌ఐఆర్‌సీ అంటున్నారంతే, అడ్వైస్ ఇస్తే తీసుకుంటారు.

మీ అన్నయ్య చేయాల్సింది ఇది. యాప్‌లో మూడు ట్రాన్సాక్షన్‌లనూ విడివిడిగా తెరిచి రసీదు పీడీఎఫ్ దించుకోవాలి. తర్వాత వాళ్ల సపోర్ట్‌కి, ఈ మూడు నంబర్లకి ఇండియాలోని పార్ట్‌నర్ బ్యాంకు నుంచి ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ కావాలని రాయాలి. కొన్ని యాప్‌లు వెంటనే ఇస్తాయి, కొన్ని కొద్దిపాటి ఫీజు తీసుకుంటాయి, కొన్ని రసీదే మా కాగితం అంటాయి. మూడో రకం తగిలితే కంగారుపడకండి. అన్నయ్య అమెరికా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు యాప్‌కి వెళ్లిన వరుస, యాప్ రసీదు, నాన్నగారి పాస్‌బుక్‌లో అదే నెఫ్ట్ నంబర్‌తో జమ అయిన వరుస, ఈ మూడూ కలిపి పెడితే గొలుసు ఎక్కడా తెగదు. ఆ నంబర్ రసీదులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గొలుసు మధ్యలో తెగినట్టే, అది వేసి ఇమ్మని మళ్లీ అడిగించండి.

కాగితం చేతికొచ్చాక పంపినవారి పేరు, డబ్బు తీసుకున్నవారి పేరు, అకౌంట్ నంబర్, డాలర్ మొత్తం, రేటు, రూపాయి మొత్తం, తేదీ, పర్పస్ కోడ్ చూడండి. ఎక్కువ గొడవలు పేరు దగ్గర, పర్పస్ దగ్గర వస్తాయి.

పేరు సంగతి. మీ అన్నయ్య, వదినగారిది జాయింట్ అకౌంట్ అయి యాప్ ఆవిడ పేరున ఉంటే కాగితం మీద కోడలి పేరు వస్తుంది. ట్యాక్స్‌కి ఇబ్బంది లేదు, కోడలు కూడా చట్టం చెప్పే "రిలేటివ్"లోకే వస్తుంది. కాకపోతే ఈ డబ్బు గిఫ్టే అని రాసిచ్చే గిఫ్ట్ లెటర్ ఎవరి పేరున డబ్బు వచ్చిందో వాళ్లే రాయాలి. నేను చూసిన ఒక కేసులో కొడుక్కి యాప్‌లో లిమిట్ అయిపోయిందని మిగతా ఆరు లక్షలు రూమ్మేట్ చేత పంపించి, అతనికి అక్కడే తిరిగి ఇచ్చేశాడు. ఇంట్లో వాళ్ల లెక్కలో అదంతా కొడుకు డబ్బే. కాగితం మీద మాత్రం ఆ ఆరు లక్షలూ పరాయి మనిషి ఇచ్చినవి. బంధువు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50 వేలు దాటి వస్తే, దాటినంతకి కాదు, మొత్తానికీ ట్యాక్స్. 1961 చట్టంలో ఇది 56(2)(x). కొడుకు రూమ్మేట్‌కి తిరిగి చెల్లించిన బ్యాంకు ఎంట్రీలు, వాళ్లిద్దరి మధ్య మెసేజ్‌లు తెప్పించి ఆ పెద్దాయన సీఏ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. మీ మూడు విడతల్లోనూ పంపినవారి పేరు ఒకటేనా అని ముందు చూడమనేది అందుకే.

ఇక్కడ మీకో ఎదురు ప్రశ్న. అన్నయ్య అంటే సొంత అన్నయ్యేనా? మన ఇళ్లలో పెదనాన్న కొడుకునీ అన్నయ్యే అంటాం, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి ఆ వరస లేదు. విచిత్రం ఏమిటంటే అది ఒకవైపే పనిచేస్తుంది. బాబాయి తన అన్న కొడుక్కి ఇస్తే ట్యాక్స్ లేదు, ఎందుకంటే తల్లిదండ్రుల తోబుట్టువులు "రిలేటివ్" జాబితాలో ఉన్నారు. అదే అన్న కొడుకు బాబాయికి పంపితే, తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు కాబట్టి, ట్యాక్స్ ఉంది. సొంత అన్నయ్యే అయితే ఈ పేరా మరిచిపోండి.

ఇక పర్పస్ కోడ్. విదేశం నుంచి వచ్చే ప్రతి డబ్బుకీ రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఒక కోడ్ తగులుతుంది. ఎన్నారైలు కుటుంబ పోషణకి పంపేది P1301, వ్యక్తిగత గిఫ్ట్ P1302. యాప్‌లో మాత్రం ఈ నంబర్లు కనపడవు, "ఫ్యామిలీ సపోర్ట్", "గిఫ్ట్" అని ఒక జాబితా వస్తుంది, తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు. ఈ రెండింట్లో ఏది ఉన్నా మీకు ఫర్వాలేదు, గిఫ్ట్ లెటర్‌లో "కుటుంబ అవసరాలకి, చెల్లి చదువుకి ప్రేమతో ఇచ్చాను, తిరిగి ఇవ్వనక్కర్లేదు" అని రాస్తే రెండింటికీ సరిపోతుంది. ప్రమాదం ఎక్కడంటే, కొడుకు తన వృత్తి అనుకుని సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ నొక్కినప్పుడు. అది P0802, ఇక్కడివాళ్లు విదేశీ కంపెనీకి పని చేసి సంపాదించిన డబ్బు అని అర్థం. మా డెస్క్‌కి ఒక రిటైర్డ్ టీచర్ గారు వచ్చారు, "ఇన్వాయిస్ ఇవ్వండి" అని మా దగ్గర నుంచే ఉత్తరం వెళ్లింది ఆయనకి. పాపం, ఆయనకి ఇన్వాయిస్ అంటే ఏమిటో తెలియదు. కొడుకు నుంచి డిక్లరేషన్ తెప్పించుకుని కోడ్ మార్చాం, రెండు వారాలు పట్టింది. మీ కాగితం మీద ఇలాంటిది కనిపిస్తే ఇప్పుడే, డబ్బు వచ్చిన కొత్తలోనే దిద్దించుకోండి.

పంపిన మొత్తానికీ పడిన మొత్తానికీ తేడా వస్తే భయపడేవాళ్లు చాలామంది. స్విఫ్ట్‌లో వచ్చిన ఒక ఉదాహరణ చెప్తాను. అక్కడ 10,000 డాలర్లు పంపారు. మధ్య బ్యాంకు 20 డాలర్లు తీసుకుంది, ఇక్కడికి 9,980 వచ్చాయి. రేటు 86.10 అయితే 8,59,278 రూపాయలు. ఇందులోంచి కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ పోతుంది. లక్ష నుంచి 10 లక్షల మధ్య అయితే 1,000 రూపాయలు, లక్ష దాటిన భాగం మీద అర శాతం కలిపి సర్వీస్ విలువగా తీసుకుంటారు. ఇక్కడ అది 4,796, దాని మీద 18 శాతం అంటే 863 రూపాయలు. చివరికి అకౌంట్‌లో 8,58,415 పడింది. పంపిన డబ్బు మీద 18 శాతం పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట అందుకే తప్పు. అయితే గిఫ్ట్ లెటర్‌లో "8,60,000 ఇచ్చాను" అని రౌండ్ చేసి రాస్తే ఏ కాగితంతోనూ కలవదు. డాలర్ మొత్తం, తేదీ, ట్రాన్సాక్షన్ నంబర్, అకౌంట్‌లో పడిన రూపాయలు, ఈ నాలుగూ రాయండి. మీకైతే మూడు విడతలకీ మూడు వరుసలు. నోటరీ, స్టాంప్ పేపర్ చేయించుకుంటే మంచిదే కానీ, డబ్బు రూపంలో ఇచ్చిన గిఫ్ట్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అన్నయ్య సంతకం పెట్టి పాస్‌పోర్టు కాపీతో స్కాన్ పంపితే నేను చూసినంతలో సరిపోయింది.

పాస్‌పోర్టు అన్నాను కదా, అది ఏ దేశానిదో కూడా చెప్పాలి. ఈ విషయం చాలామంది సీఏలు కూడా మర్చిపోతారు. అన్నయ్యది ఇండియన్ పాస్‌పోర్టు అయి, తన సంపాదన బ్యాంకు దారిలో పంపి ఉంటే అది విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద విదేశీ విరాళం కాదు, మీకు పని లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ మీద ఉంటే మాత్రం ఆయన విదేశీ మూలం అవుతారు. అప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, డబ్బు తీసుకున్న మీ నాన్నగారు మూడు నెలల్లోగా ఎఫ్‌సీ-1 ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. 2022 జూలైకి ముందు ఈ పరిమితి లక్షే. మీది 17 లక్షలు, కాబట్టి ఓసీఐ అయితే తేదీలు ఇవాళే లెక్కపెట్టండి. ఇది ట్యాక్స్ కాదు, తెలియజేయడం మాత్రమే.

అన్నయ్య వైపు కూడా ఒక చిన్న పని ఉండొచ్చు. 17 లక్షలంటే పైన చెప్పిన 86.10 రేటుకి దాదాపు 19,700 డాలర్లు. అమెరికాలో ఒక ఏడాదిలో ఒక మనిషికి 19,000 డాలర్లు (2025కీ 2026కీ అదే) దాటి గిఫ్ట్ ఇస్తే అక్కడ గిఫ్ట్ ట్యాక్స్ ఫారం 709 వేయాల్సి రావచ్చు. సాధారణంగా కట్టాల్సింది ఏమీ ఉండదు. అక్కడి ట్యాక్స్ ఆయన్ని ఒక మాట అడగమనండి.

వీసా దగ్గరికి వద్దాం. డబ్బు నాన్నగారి అకౌంట్‌లోకే తెప్పించడం సరైన పని, ఎవరు చెప్పారో కానీ బాగా చెప్పారు. యూకే స్టూడెంట్ రూట్‌లో విద్యార్థి సొంత అకౌంట్, తల్లిదండ్రులది లేదా చట్టబద్ధ గార్డియన్‌ది చెల్లుతుంది. అన్నయ్య అకౌంట్‌లో ఎంత ఉన్నా లెక్కకి రాదు. డబ్బు వరుసగా 28 రోజులు ఉండాలి, ఆ 28వ రోజు అప్లై చేసే తేదీకి 31 రోజుల కంటే పాతది కాకూడదు. లెక్క ఆఖరి విడత పడిన రోజు నుంచి మొదలవుతుంది, మొదటి విడత నుంచి కాదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఉదాహరణకి మూడో విడత జూన్ 18న పడితే, 18ని కూడా కలుపుకుని జూలై 15కి 28 రోజులు. మధ్యలో ఒక్క రోజు, ఒక్క పూట ఎవరికో సర్దామని తీసి, కావలసిన మొత్తం కంటే తగ్గినా లెక్క మళ్లీ మొదటికి. రూపాయల్ని పౌండ్లుగా మార్చేది అప్లై చేసిన రోజు రేటుకి, అందుకే బొటాబొటిగా కాకుండా ఓ నలభై యాభై వేలు పైన ఉంచండి.

ఆ రూట్‌లో "ఈ డబ్బు ఎక్కడిది" అనే కాగితం తప్పనిసరి జాబితాలో లేదు. మరి ప్రూఫ్ ఎందుకంటే, నిన్నటిదాకా 60 వేలు ఉన్న అకౌంట్‌లోకి నెలలో 17 లక్షలు వస్తే యూనివర్సిటీ సీటు ఖాయం చేసే క్యాస్ ఇచ్చే ముందు అడగొచ్చు, ఇంటర్వ్యూలో చెల్లిని అడగొచ్చు. ఆ అమ్మాయి "అన్నయ్య పంపాడు" అంటే, కాగితాలు కూడా అదే చెప్పాలి. "నాన్న సేవింగ్స్" అని కన్సల్టెన్సీ వాళ్లు నేర్పిస్తే వినవద్దని చెప్పండి.

కచ్చితంగా కావలసినవి నాన్నగారి అనుమతి లేఖ, చెల్లి బర్త్ సర్టిఫికెట్. ఇక్కడ మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇంటిపేరు. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఇంటిపేరుతో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరం ఇనీషియల్‌తో ఉంటుంది, యాప్‌లో కొడుకు ఇంటిపేరుని చివర పెట్టి ఉంటాడు. మూడు చోట్ల ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. డబ్బు పడుతుంది, ఎందుకంటే నెఫ్ట్ అకౌంట్ నంబర్ చూసి జమ అవుతుంది. చూసేవాడికి మాత్రం అనుమానం వస్తుంది. బ్యాంకుకి వెళ్లి ఆధార్ లేదా పాస్‌పోర్టు చూపించి పూర్తి పేరు అప్‌డేట్ చేయించి, ఆ తర్వాతే స్టేట్‌మెంట్ తీసుకోండి. పాత స్టేట్‌మెంట్ మీద పెన్నుతో దిద్దించుకుని బ్రాంచ్ ముద్ర వేయించుకొచ్చిన ఒకావిడని నేను చూశాను, దాన్ని ఎవరూ ఒప్పుకోలేదు.

వీసా వచ్చాక ఇందులో కొంత అన్నయ్యకి తిరిగి పంపే ఆలోచన ఉంటే, ఇప్పుడే చెప్పుకోండి. "తిరిగి ఇవ్వనక్కర్లేదు" అని గిఫ్ట్ లెటర్ రాసి మూడు నెలలకి వెనక్కి పంపితే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పు అయితే దానికి విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనలు వేరే ఉన్నాయి, గిఫ్ట్ లెటర్ రాయకుండా ముందు సీఏ దగ్గరికి వెళ్లండి.

కాగితాలన్నీ పీడీఎఫ్‌లుగా నాన్నగారి పేరున ఒక ఫోల్డర్‌లో పెట్టి కనీసం ఎనిమిదేళ్లు ఉంచండి. అన్నయ్య ఫోన్ మార్చినా, యాప్ మూతపడినా, ట్యాక్స్ నోటీసు వచ్చేది నాన్నగారికే కదా.

ముందు పాస్‌బుక్ తీసి ఆ మూడు నెఫ్ట్ నంబర్ల మొదటి నాలుగు అక్షరాలు ఒకటేనా, వేర్వేరా చూడండి. ఒకే యాప్ వేర్వేరు రోజుల్లో వేర్వేరు పార్ట్‌నర్ బ్యాంకుల ద్వారా వేసి ఉండొచ్చు, అలాగైతే అన్నయ్య అడ్వైస్‌లు విడివిడిగా అడగాల్సి ఉంటుంది. పూర్తి నంబర్ ఇక్కడ పెట్టకండి, ఆ నాలుగు అక్షరాలు రాస్తే చాలు, ఏ బ్యాంకో చెప్తాను.